2026 సెలవుల జాబితా: మూడు ఊళ్లు, మూడు ఐచ్ఛికాలు. ఈ నోటీసు నిలబడుతుందా?

సెలవుల_గుమాస్తా
వచ్చే శుక్రవారంలోగా 2026 సెలవుల నోటీసు బయటికి పంపాలి. హైదరాబాద్‌లో హెడ్డాఫీసు, చెన్నై, బెంగళూరుల్లో బ్రాంచీలు. ఐదు రోజుల వారం. ఊరికి పది ఖాయం సెలవులు, మనిషికి మూడు ఐచ్ఛికాలు. ఖాయంలో అందరికీ ఉమ్మడిగా ఏడు: సంక్రాంతి జనవరి 15, రిపబ్లిక్ డే, మే డే, వినాయక చవితి సెప్టెంబరు 14, గాంధీ జయంతి, దసరా అక్టోబరు 20, క్రిస్మస్. మిగతా మూడు ఊరిని బట్టి.
హైదరాబాద్: ఉగాది (మార్చి 19), జూన్ 2, బోనాలు (ఆగస్టు 10).
చెన్నై: జనవరి 16, తమిళ ఉగాది (ఏప్రిల్ 14), ఆయుధ పూజ (అక్టోబరు 19).
బెంగళూరు: ఉగాది, వరలక్ష్మీ వ్రతం, బలిపాడ్యమి (నవంబరు 10).
ఐచ్ఛికాలకు పన్నెండు పండుగల జాబితా ఇస్తాం. జనవరి 31 లోపు మూడూ ఎంచుకోవాలి, మేనేజర్ ఒప్పుకోవాలి, తర్వాత మార్చడం కుదరదు. డ్రాఫ్టు చూపించగానే ముగ్గురు మూడు రకాలుగా పోట్లాడారు. ఎక్కడ తప్పో చెప్పండి, తిట్లు తర్వాత.

మణికొండ_మేనేజర్
జనవరి 31 లోపు ఎంచుకోవాలా? భోగి 14న, కనుమ 16న. అవి అయిపోయిన పదిహేను రోజులకు మీ ఫారం వస్తుంది. జాబితాలో వాటిని పెట్టి ఏం లాభం?

సెలవుల_గుమాస్తా
అది నా కంటికి ఆనలేదు. నిజమే.

డల్లాస్_దత్తు
దీపావళి ఎక్కడ?

సెలవుల_గుమాస్తా
నవంబరు 8, ఆదివారం. శివరాత్రి ఫిబ్రవరి 15, అదీ ఆదివారమే. ఆగస్టు 15 శనివారం. రంజాన్ మార్చి 21 అంటున్నారు, శనివారం. అందుకే పదిలో లెక్కపెట్టలేదు.

డల్లాస్_దత్తు
ఆదివారం పడితే సోమవారం ఇవ్వాలి, అది రూలు. ఇక్కడ జులై 4 శనివారం పడితే ముందు రోజు శుక్రవారం మూసేస్తారు. యూకేలో డిసెంబరు 26 శనివారం పడింది కాబట్టి 28 సోమవారం సెలవు.

కార్మికచట్టం_కామేశం
దత్తు గారూ, మీరు చెప్పినవి ఆ దేశాలకు నిజం. మన దగ్గర ఆ పద్ధతి లేదు. జాతీయ సెలవు ఏ తేదీన పడితే ఆ తేదీనే. వారాంతంలో పడితే బదులు రోజు ఇవ్వాలని చట్టం అడగదు. కంపెనీ ఇష్టపడి ఇస్తే ఇవ్వొచ్చు.

కానీ గుమాస్తా గారూ, మీ జాబితాలో అంతకంటే పెద్ద పొరపాటు ఉంది. ఆగస్టు 15 శనివారం అని తీసేశారు, నవంబరు 1 ఆదివారం అని బెంగళూరు నుంచి తీసేశారు. అవి జాబితాలో ఉండి తీరాలి. కర్ణాటక 1963 చట్టంలో జనవరి 26, మే 1, ఆగస్టు 15, అక్టోబరు 2తో పాటు నవంబరు 1 కూడా ఉంది, ఆపైన అయిదు పండుగలు. తమిళనాడు 1958 చట్టంలో నాలుగు జాతీయ దినాలు, అయిదు పండుగలు. మీ ఆఫీసులో అందరి వారాంతం శని, ఆదివారాలేనా?

నైట్‌షిఫ్ట్_నాని
కాదు!! సపోర్టులో మాకు మంగళ, బుధవారాలు వీక్లీ ఆఫ్. ఆగస్టు 15 మాకు పని రోజు. జాబితాలో లేకపోతే పోర్టల్‌లో మామూలు హాజరు పడుతుంది, డబుల్ రాదు.

కార్మికచట్టం_కామేశం
అదే చెప్పబోతున్నాను. ఆ రోజు పని చేయిస్తే రెట్టింపు జీతమైనా ఇవ్వాలి, లేదా ఆ రోజు జీతంతో పాటు ఇంకో రోజు సెలవైనా ఇవ్వాలి. జాబితాలో తేదీ లేకపోతే జీతాల లెక్క వేసేవాళ్లకు అది పండుగని తెలిసే దారి లేదు. కాబట్టి తేదీలన్నీ రాయండి, వారాంతంలో పడినవాటి పక్కన "శని", "ఆది" అని వేయండి. పది అనే సంఖ్య సోమవారం నుంచి శుక్రవారం దాకా పనిచేసేవాళ్ల లెక్క మాత్రమే అని ఒక వాక్యం చేర్చండి.

ఇంకోటి. ఐచ్ఛికాలను ఈ చట్టపు కనీస సంఖ్యలో కలపొద్దు. ఉద్యోగి వాడుకోకుండా సంవత్సరం గడిచిపోతే ఆ మనిషికి కనీసం తగ్గినట్టు అవుతుంది. మీ ఖాయం పండుగలు ఒక్కటే లెక్కపెట్టినా చెన్నైకి ఆరు, బెంగళూరుకు ఏడు వస్తున్నాయి. ఇబ్బంది లేదు.

అడయారు_అంబుజం
చెన్నైకి ఏడు కదా? సంక్రాంతి, 16, తమిళ ఉగాది, చవితి, ఆయుధ పూజ, దసరా, క్రిస్మస్.

కార్మికచట్టం_కామేశం
ఏడే. నా వేళ్లు తప్పాయి.

పాతబస్తీ_పరుగు
అందరూ దీపావళి గురించి బాధపడుతున్నారు, ఒకసారి మా వైపు నుంచి జాబితా చదవండి. రంజాన్ శనివారం పోయింది. ఉమ్మడి ఏడింటిలో మాది లేదు. హైదరాబాద్ మూడింటిలో లేదు. అంటే పదిలో సున్నా. మిగిలిన బక్రీద్, మొహర్రం, మిలాద్ మూడూ ఐచ్ఛికాలతోనే తీసుకోవాలి. నా పక్క సీటు మనిషికి సంక్రాంతి, ఉగాది, చవితి, దసరా ఖాయంగా వచ్చి, మూడు ఐచ్ఛికాలు భోగి, కనుమ, శ్రీరామనవమికి మిగులుతాయి. "అందరికీ సమానంగా మూడు" అని రాస్తే కాగితం మీద సమానమే.

మణికొండ_మేనేజర్
ప్రతి ఏడాదీ ఇలా ఉండదు భాయ్. 2026లో రంజాన్ శనివారం పడటం వల్ల వచ్చింది.

పాతబస్తీ_పరుగు
అదే అంటున్నా. జాబితా ఏ ఏడాదికి ఆ ఏడాది వేస్తారు కదా, అలాంటప్పుడు ఏ వారం పడిందో చూసి వేయాలి. పోయినేటి జాబితాలో తేదీలు మార్చి దింపేస్తే ఇలాగే అవుతుంది.

గుంటూరు_గ్రేస్
క్రిస్టియన్లకు క్రిస్మస్ శుక్రవారం వచ్చింది కాబట్టి ఆ బాధ లేదు. గుడ్ ఫ్రైడే ఏప్రిల్ 3 ఐచ్ఛికంలో ఉంది, దాని సంగతి వేరు. మార్చి 31కి ఖాతాలు ముగిసి మూడో రోజు. అకౌంట్స్‌లో ఏ మేనేజరూ ఆ వారం సెలవు ఒప్పుకోడు. "మేనేజర్ ఒప్పుకోవాలి" అన్న ఒక్క ముక్కతో అకౌంట్స్‌లో ఉన్న క్రిస్టియన్‌కు ఆ పండుగ ఏటా పోతుంది. ఈస్టర్ మార్చి చివర్లోనో ఏప్రిల్‌లోనో తప్ప ఇంకెప్పుడూ రాదు.

బెంగళూరు_బాబాయి
మేనేజర్‌కి అసలు కాదనే హక్కు లేకుండా చేస్తే కనుమ రోజు సపోర్టు డెస్కు ఎవరు చూస్తారమ్మా? పన్నెండు మంది టీములో తొమ్మిది మంది పెడతారు.

గుంటూరు_గ్రేస్
కనుమకూ గుడ్ ఫ్రైడేకూ ఒకటే రూలు ఎందుకు పెట్టాలి అని నా ప్రశ్న. ఒకటి అందరూ అడిగే రోజు, ఒకటి ఒకరిద్దరు అడిగే రోజు.

కార్మికచట్టం_కామేశం
గ్రేస్ గారు చెప్పినదాన్ని రూలుగా రాయొచ్చు. మేనేజర్ ఒక్కో దరఖాస్తును విడిగా చూసి కాదనడానికి వీల్లేదు. ఆ రోజుకి కనీసం ఇంతమంది ఉండాలని టీముకు ముందే సంఖ్య రాసి పెట్టాలి. దరఖాస్తుల వల్ల మిగిలేవాళ్లు ఆ సంఖ్య కంటే తగ్గినప్పుడే కోత. పన్నెండు మందిలో నలుగురు ఉండాలి అనుకుంటే ఎనిమిది మందికి దొరుకుతుంది, తొమ్మిదో మనిషి దగ్గరే గొడవ. అకౌంట్స్‌లో పది మందికి ఆరుగురు ఉండాలి అనుకున్నా, గుడ్ ఫ్రైడే అడిగిన ఇద్దరికీ దొరుకుతుంది. "క్లోజింగ్ ఉంది" అనే మాట చెల్లదు.

ఆ తొమ్మిదో మనిషిని ఎలా తేల్చాలి? "ముందు అడిగినవాడికి ముందు" పెట్టకండి. పోర్టల్ తెరిచిన నిమిషంలో షిఫ్టులో కూర్చున్నవాళ్లు ఓడిపోతారు. పోయినేడు అదే రోజు పని చేసినవాళ్లకు ముందు ఇవ్వండి. అదీ సమానమైతే చీటీ.

నైట్‌షిఫ్ట్_నాని
చీటీ మేనేజర్ కాకుండా వేరేవాళ్లు తీస్తే బాగుంటుంది, మా దగ్గర ఎప్పుడూ ఒకే మనిషి పేరు వస్తుంది 😄

బెజవాడ_రిమోట్
నా ప్రశ్న ఒకటి. నేను విజయవాడలో ఇంటి నుంచి పని, ఆఫీసు బెంగళూరు కింద ఉంది. నాకు ఏ జాబితా? మార్చి నెల ఈఎల్ ఎన్ని క్యారీ అవుతాయో కూడా చెప్పండి.

మణికొండ_మేనేజర్
ఈఎల్ ఇక్కడ కాదు బ్రో, ఇది పండుగల సంగతి. దానికి వేరే థ్రెడ్ ఉంది.

కార్మికచట్టం_కామేశం
నియామక పత్రంలో ఏ ఆఫీసుకు చేర్చారో ఆ ఆఫీసు జాబితా. మీకు బెంగళూరు. ఎందుకంటే టీము మీటింగులు, క్లయింటు పని, పోర్టల్‌లో లొకేషన్ కోడ్ అన్నీ దాంతో ముడిపడి ఉంటాయి. ఉండే ఊరిని బట్టి ఇస్తే ఇల్లు మారినప్పుడల్లా జాబితా మారాలి. మీకు కనుమ కావాలంటే ఐచ్ఛికం వాడుకోండి. గుమాస్తా గారూ, "రిమోట్ ఉద్యోగులు" అని ఒక్క వాక్యం నోటీసులో లేకపోతే జనవరి 13న మీ ఫోను ఆగదు.

బెంగళూరు_బాబాయి
ఇంటి నుంచి ఏపీలో పని చేస్తే ఏపీ చట్టమే వర్తిస్తుందని మా కన్సల్టెంటు వాదన.

కార్మికచట్టం_కామేశం
ఆ వాదన విన్నాను. పూర్తిగా కొట్టిపారేయలేను. జాతీయ దినాలు నాలుగూ రెండు చోట్లా ఎలాగూ ఒకటే కాబట్టి ఇప్పటికి గొడవ రాదు.

అడయారు_అంబుజం
బదిలీల సంగతి ఎవరూ ఎత్తలేదు. మధ్యలో ఊరు మారితే?

సెలవుల_గుమాస్తా
మారిన రోజు నుంచి కొత్త ఊరి జాబితా అని రాశాం.

అడయారు_అంబుజం
లెక్కేసి చూడండి. జులై 1న ఒకరు హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్లారు, అదే రోజు ఇంకొకరు బెంగళూరు నుంచి హైదరాబాద్ వచ్చారు అనుకోండి. వరలక్ష్మీ వ్రతం, బోనాలు రెండూ ఆగస్టులోనే కాబట్టి వాటిని పక్కన పెడదాం. హైదరాబాద్ మనిషి జూన్ 2 తీసుకుని వెళ్లాడు, అక్కడ నవంబరు 10 కూడా దొరుకుతుంది. మొత్తం పదకొండు. బెంగళూరు మనిషికి జూన్ 2న పని, ఇక్కడికి వచ్చాక నవంబరు 10 లేదు. మొత్తం తొమ్మిది. ఇద్దరూ ఎదురెదురు సీట్లలో కూర్చునేవాళ్లయితే కొట్టుకుంటారు.

సెలవుల_గుమాస్తా
అమ్మో. మరి పదకొండు వచ్చినవాడి దగ్గర ఒకటి లాక్కోవాలా?

అడయారు_అంబుజం
లాక్కోకండి, ఆఫీసే మూసి ఉంటే ఎలా లాక్కుంటారు? తగ్గినవాళ్లకు మాత్రం ఒక ఐచ్ఛికం అదనంగా వేయండి. బదిలీ ఆర్డరు వచ్చిన రోజే రెండు జాబితాలూ పక్కపక్కన పెట్టి లెక్కేసి పోర్టల్‌లో జమ చేయాలి. డిసెంబరులో అడిగితే ఎవరికీ గుర్తుండదు.

పాతబస్తీ_పరుగు
నా ప్రశ్న మళ్లీ గాల్లో వదిలేశారు.

కార్మికచట్టం_కామేశం
వదల్లేదు, దానికే వస్తున్నా. రెండు దారులున్నాయి. ఒకటి, వారాంతంలో పడిన ప్రతి పెద్ద పండుగకూ అందరికీ ఒక ఐచ్ఛికం పెంచడం. 2026లో దీపావళి, రంజాన్ రెండూ పోయాయి కాబట్టి మూడు కాస్తా అయిదు. యాజమాన్యం ఒప్పుకోవడం కష్టం. రెండోది, పది అలాగే ఉంచి, ఊరి మూడింటిలో ఒకదాని స్థానంలో మూడు ఊళ్లలోనూ బక్రీద్ పెట్టడం. మే 27, బుధవారం. చెన్నైలో ఆయుధ పూజ, బెంగళూరులో వరలక్ష్మీ వ్రతం, హైదరాబాద్‌లో బోనాలు ఐచ్ఛికాల జాబితాలోకి వెళ్తాయి. చట్టం అడిగే అయిదు పండుగలకు ఎక్కడా లోటు రాదు.

మణికొండ_మేనేజర్
బోనాలు తీస్తే హైదరాబాద్‌లో ఊరుకోరు. ఆగస్టు 10 సోమవారం సిటీలో సగం ఆఫీసు ఎలాగూ రాదు. ఐచ్ఛికం వాడుకున్నా, సిక్ లీవు పెట్టినా ఫలితం ఒకటే.

పాతబస్తీ_పరుగు
సగం ఆఫీసు వస్తుంది కదా. ఆ సగంలో నేనుంటా, డెస్కు చూస్తా. బక్రీద్ రోజు మీరు చూడండి. ఐచ్ఛికం ఉన్నది ఇందుకే.

బెంగళూరు_బాబాయి
వరలక్ష్మీ వ్రతం తీస్తే నేను ఇంట్లో చెప్పుకోలేను, నా సంగతి పక్కన పెట్టండి 😅

అడయారు_అంబుజం
చెన్నైలో ఆయుధ పూజ తీస్తే 19 సోమవారం ఆఫీసు, 20 మంగళవారం సెలవు. శుక్రవారం రాత్రే ఊళ్లకు వెళ్లేవాళ్లు సోమవారం ఎవరు వస్తారు? కామేశం గారూ, చెన్నైకి 16ని ఐచ్ఛికం చేసి 19ని ఉంచితే ఎలా ఉంటుంది?

కార్మికచట్టం_కామేశం
పొంగల్ మర్నాడు చెన్నైలో ఆఫీసు తెరుస్తారా? నాకైతే నమ్మకం లేదు. ఊరి మూడో సెలవు ఏది కావాలో ఆ ఊరివాళ్లనే అడగడం మేలు.

నైట్‌షిఫ్ట్_నాని
నెలవంక సంగతి? పోయినసారి రంజాన్ ఐచ్ఛికం ఒక తేదీకి పెట్టాం, పండుగ మర్నాడు వచ్చింది. పోర్టల్ మార్చనివ్వలేదు.

పాతబస్తీ_పరుగు
దీన్ని చాలామంది తప్పుగా రాస్తారు. నెలవంక మీద ఆధారపడే పండుగలన్నీ ఆఖరి నిమిషంలో మారవు. రంజాన్ షవ్వాల్ నెల మొదటి రోజు, అందుకే ముందు రోజు సాయంత్రం దాకా తేలదు. బక్రీద్ జుల్ హిజ్జా పదో తేదీ. నెలవంక కనిపించిన రోజే తెలిసిపోతుంది, అంటే పండుగకు తొమ్మిది పది రోజుల ముందే. మొహర్రం పదో తేదీ, మిలాద్ పన్నెండో తేదీ, వాటికీ అంతే వ్యవధి. కాబట్టి "ముందు రోజు రాత్రి మెసేజ్ పెడితే చాలు" అనే రూలు రంజాన్ ఒక్కదానికే కావాలి. మిగతావాటికి వారం ముందు తేదీ ఖరారు చేసి నోటీసు తిరిగి పంపండి. మిలాద్ ఆగస్టు 26 అంటున్నారు, తిరువోణం కూడా అదే రోజు. రెండూ ఐచ్ఛికాల్లో ఉంటే ఆ రోజు సంఖ్య చూసుకోండి.

సెలవుల_గుమాస్తా
ఇది నాకు కొత్త. నేను అన్నిటికీ ఒకే నక్షత్రం గుర్తు పెట్టి "మారవచ్చు" అని రాశాను.

మణికొండ_మేనేజర్
శ్రీరామనవమి కూడా చూసుకోండి. కేంద్రం జాబితాలో మార్చి 26, తెలంగాణలో 27. పంచాంగాల తేడా. హోలీ కూడా అంతే, ఇక్కడ మార్చి 3, కేంద్రంలో 4. ఏ ఊరికి ఏ తేదీ అని రాయకపోతే ఒకే టీములో ఇద్దరు రెండు రోజులు తీసుకుంటారు.

బెజవాడ_రిమోట్
ఫారంలో మతం గడి ఉంటుందా? మా పాత చోట ఉండేది. హిందువు గుడ్ ఫ్రైడే పెడితే హెచ్‌ఆర్ ఫోన్ చేసి అడిగేవారు.

కార్మికచట్టం_కామేశం
పెట్టకండి. తెలంగాణ ప్రభుత్వం తన ఉద్యోగులకు అయిదు ఐచ్ఛికాలు ఇస్తుంది, పండుగ ఏ మతానిదైనా సరే అని ఉత్తర్వులోనే రాస్తుంది. భార్యది ఒక మతం, భర్తది ఒక మతం అయిన ఇళ్లున్నాయి. అసలు పండుగలు చేసుకోని మనిషికీ మూడు రోజులు దక్కాలి. రుజువు అడగడం మొదలుపెడితే చర్చి చీటీలు, మసీదు చీటీలు ఫైలు చేయాల్సి వస్తుంది.

బెంగళూరు_బాబాయి
అప్పుడు అందరూ శుక్ర, సోమవారాలే ఎంచుకుంటారు. గుడ్ ఫ్రైడే, కృష్ణాష్టమి సెప్టెంబరు 4 శుక్రవారం, రాఖీ ఆగస్టు 28 శుక్రవారం. పండుగకేం కాదు, లాంగ్ వీకెండుకి.

గుంటూరు_గ్రేస్
ఎంచుకుంటే ఎంచుకోనివ్వండి. కాకపోతే ఒక భయం ఉంది. గుడ్ ఫ్రైడేకి టూర్ వేసుకునేవాళ్లు ఎనిమిది మంది పెడితే చర్చికి వెళ్లేవాడు చీటీలో ఓడిపోతాడు. మతం అడగకుండా దీన్ని ఎలా ఆపాలో నాకు తెలియట్లేదు.

కార్మికచట్టం_కామేశం
నా దగ్గరా సరైన జవాబు లేదు. కొన్నిచోట్ల మూడింటిలో ఒకదాన్ని "తప్పనిసరి" అని ఉద్యోగే గుర్తు పెట్టుకోనిస్తారు, ఆ ఒక్కటి చీటీలోకి రాదు. ఏ మతం అని అడగక్కర్లేదు. అందరూ కనుమనే తప్పనిసరి చేస్తే మళ్లీ మొదటికి వస్తాం.

సెలవుల_గుమాస్తా
ఆ గుర్తు బాగుంది, ప్రయత్నిస్తా. ఇప్పటిదాకా పోగైనదాన్ని నోటీసు భాషలో రాశాను, చూడండి.

"ఊరి జాబితా మీ నియామక పత్రంలో ఉన్న ఆఫీసును బట్టి ఉంటుంది. ఇంటి నుంచి పనిచేసేవారికీ ఇదే. వారాంతంలో పడిన జాతీయ దినాలు కూడా జాబితాలో ఉన్నాయి. ఆ రోజు షిఫ్టు ఉన్నవారికి అవి సెలవులే.
మూడు ఐచ్ఛికాలను జాబితాలోని ఏ పండుగలకైనా వాడుకోవచ్చు, కారణం చెప్పనక్కర్లేదు. జనవరి పండుగలకు డిసెంబరు 26 లోపు, మిగతావాటికి పండుగకు పదిహేను రోజుల ముందు పోర్టల్‌లో పెట్టాలి. పండుగ గడిచే లోపు ఎప్పుడైనా మార్చుకోవచ్చు. ఒకదాన్ని 'తప్పనిసరి' అని గుర్తు పెట్టవచ్చు.
టీములో ఉండాల్సినవారి సంఖ్య తగ్గితేనే కోత. పోయినేడు ఆ రోజు పనిచేసినవారికి ముందు అవకాశం.
రంజాన్ తేదీ మారితే మీ సెలవు దానంతట అదే మారుతుంది, మళ్లీ దరఖాస్తు అక్కర్లేదు.
ఏప్రిల్ లోపు చేరితే మూడు, ఆగస్టు లోపు రెండు, ఆ తర్వాత ఒకటి. డిసెంబరు 31 తర్వాత మిగలవు, డబ్బుగా రావు."

అడయారు_అంబుజం
సెప్టెంబరు తర్వాత చేరినవాళ్లకు ఒకటి ఇచ్చారు సరే, జాబితాలో అప్పటికి ఏం మిగులుతుంది? క్రిస్మస్ మర్నాడు డిసెంబరు 26 ఈసారి శనివారం. గురునానక్ జయంతి నవంబరు 24, క్రిస్మస్ ముందు రోజు 24 చేర్చండి. ఆయుధ పూజ ఐచ్ఛికమైతే అదీ ఉంటుంది.

నైట్‌షిఫ్ట్_నాని
జనవరి 25 రాత్రి పదికి ఎక్కి 26 ఉదయం ఆరుకి దిగితే ఏ రోజు సెలవు? అదీ రాయండి.

మణికొండ_మేనేజర్
షిఫ్టు మొదలైన తేదీ. 26 రాత్రి ఎక్కేదే సెలవు.

నైట్‌షిఫ్ట్_నాని
అంటే జెండా ఎగరేసే ముందు ఆరు గంటలు పని, సెలవు రాత్రి నుంచి. నాకు నచ్చలేదు.

కార్మికచట్టం_కామేశం
నాకూ నచ్చలేదు. మొదలయ్యే తేదీయే పెడితే, 25 రాత్రి పని చేసినవాళ్లకు అర్ధరాత్రి తర్వాతి గంటలకు విడిగా ఏదో ఒకటి ఇవ్వాలి. మీ జీతాల వాళ్లు గంటల లెక్క వేయగలరా అని ముందు కనుక్కోండి.

అడయారు_అంబుజం
తమిళనాడులో 2026లో అసెంబ్లీ ఎన్నికలు. పోలింగ్ రోజు ఓటున్నవాళ్లకు జీతంతో సెలవు ప్రజాప్రాతినిధ్య చట్టం 135బి కింద ఇవ్వాలి, ఐచ్ఛికంలోంచి కోయకూడదు. చెన్నైలో ఓటుండి బెంగళూరులో పనిచేసేవాళ్లు మీకు ఎంతమంది ఉన్నారో చూసుకోండి.

సెలవుల_గుమాస్తా
ఆరుగురు. పోర్టల్‌లో దానికి వేరే కోడ్ అడుగుతా. బక్రీదా బోనాలా అన్నది రేపు మూడు ఊళ్లకూ ఓటు పంపుతున్నా, ఏమొచ్చిందో ఇక్కడే పెడతా.

పాతబస్తీ_పరుగు
ఓటు పెడితే ఎవరు గెలుస్తారో నాకు ఇప్పుడే తెలుసు. కాస్త ఆలోచించండి గుమాస్తా గారూ.